కనుమ రాత్రి రమ్మీ: 201 ఆట లెక్క కాగితం

తాతయ్య వాళ్లింటి వరండా, భీమవరం. మొదలు రాత్రి 8:40, ముగింపు 11:25. కూర్చున్న వరసలో: మావయ్య, అత్తయ్య, బాబాయి, పిన్ని, బావ. లెక్క రాసినది ఆటలో లేని నేను, సరిచూసినది తాతయ్య. పాయింట్లకే ఆట, డబ్బు లేదు.

రెండు పేకలు, బొమ్మ జోకర్లు రెండే ఉంచాం, మొత్తం 106 ముక్కలు. ఐదుగురికి 13 చొప్పున 65 పంచాక, కట్ జోకర్ ఒకటి, ఓపెన్ ఒకటి పోగా మూసిన దొంతరలో 39 ఉండాలి. మొదటి ఆటకు ముందు ఎంచి చూశాం, 39 ఉన్నాయి.

మొదటి ముక్క పంచకముందే ఒప్పుకున్నవి

ఆట మొదట్లోనే ముక్కలు మూసేసి తప్పుకుంటే స్కూట్ 25, మధ్యలో తప్పుకుంటే మిడిల్ స్కూట్ 50, ఫుల్ 80. అన్నీ కుదిరాయని ముక్కలు పరిచి చూపడం షో, కుదరకుండా చూపితే రాంగ్ షో 80. రాంగ్ షో పెట్టినవారు ముక్కలు మూసేస్తే మిగతావారు ఆట కొనసాగిస్తారు. ఆసు, రాజు, రాణి, జాకీ ఒక్కోటి 10. మిగతా ముక్కలకు వాటి అంకె. జోకర్లకు సున్నా, కట్ జోకర్ అంకె ఉన్న ముక్కలకూ సున్నా. కట్‌లో బొమ్మ జోకరే వస్తే ఆసులన్నీ జోకర్లు.

ఒకే గుర్తు ముక్కలు అంకెల వరసలో కుదిరితే రన్, జోకర్ వాడని రన్ లైఫ్, ఒకే అంకె ముక్కలు వేర్వేరు గుర్తుల్లో కుదిరితే సెట్. లైఫ్ లేకపోతే చేతిలో ఉన్నవన్నీ లెక్కకే, 80 దాటితే 80. లైఫ్ ఉండి రెండో రన్ లేకపోతే లైఫ్ ముక్కలు వదిలి మిగతావన్నీ లెక్క, సెట్లు కుదిరి ఉన్నా సరే. షో పెట్టినవారికి సున్నా.

201కి చేరితే ఔట్. ఔటైనవారు ఒక్కసారి తిరిగి చేరవచ్చు, కానీ ఆటలో మిగిలినవాళ్లలో అందరికంటే ఎక్కువ ఉన్నవారి టోటల్ 174 దాటకూడదు. చేరేవారు ఆ టోటల్‌కు ఒకటి కలిపి మొదలుపెట్టాలి.

లెక్క

ప్రతి గడిలో ఎడమ అంకె ఆ ఆటలో వచ్చినది, గీత తర్వాతది అప్పటివరకు టోటల్. స్కూ అంటే స్కూట్, మిస్కూ అంటే మిడిల్ స్కూట్, రా అంటే రాంగ్ షో, ఫు అంటే లైఫ్ లేక ఫుల్. అడ్డం కూడిక ఆ ఆటలో అందరికీ కలిపి వచ్చింది. చివరి గడి ఐదుగురి టోటళ్ల కూడిక.

| ఆట | పంచినది | కట్ | మావయ్య | అత్తయ్య | బాబాయి | పిన్ని | బావ | అడ్డం | టోటళ్లు |
|---|---|---|---|---|---|---|---|---|---|
| 1 | మావయ్య | 7 | స్కూ 25 / 25 | 0 / 0 | 34 / 34 | 18 / 18 | ఫు 80 / 80 | 157 | 157 |
| 2 | అత్తయ్య | రాణి | 47 / 72 | స్కూ 25 / 25 | 0 / 34 | 62 / 80 | స్కూ 25 / 105 | 159 | 316 |
| 3 | బాబాయి | 4 | 0 / 72 | 38 / 63 | మిస్కూ 50 / 84 | స్కూ 25 / 105 | 19 / 124 | 132 | 448 |
| 4 | పిన్ని | 9 | రా 80 / 152 | స్కూ 25 / 88 | 22 / 106 | 0 / 105 | 31 / 155 | 158 | 606 |
| 5 | బావ | ఆసు | 14 / 166 | 0 / 88 | 43 / 149 | స్కూ 25 / 130 | 56 / 211 ఔట్ | 138 | 744 |
| చేరిక | – | – | 166 | 88 | 149 | 130 | −44 / 167 | −44 | 700 |
| 6 | మావయ్య | 5 | స్కూ 25 / 191 | 46 / 134 | స్కూ 25 / 174 | 0 / 130 | 17 / 184 | 113 | 813 |
| 7 | అత్తయ్య | 2 | 28 / 219 ఔట్ | స్కూ 25 / 159 | 0 / 174 | 33 / 163 | 9 / 193 | 95 | 908 |
| 8 | బాబాయి | జాకీ | 219 | 0 / 159 | స్కూ 25 / 199 | 12 / 175 | 41 / 234 ఔట్ | 78 | 986 |
| 9 | పిన్ని | 10 | 219 | స్కూ 25 / 184 | 20 / 219 ఔట్ | 0 / 175 | 234 | 45 | 1031 |
| 10 | అత్తయ్య | 3 | 219 | 0 / 184 | 219 | స్కూ 25 / 200 | 234 | 25 | 1056 |
| 11 | పిన్ని | 8 | 219 | 16 / 200 | 219 | 0 / 200 | 234 | 16 | 1072 |
| 12 | అత్తయ్య | 6 | 219 | 0 / 200 | 219 | 37 / 237 ఔట్ | 234 | 37 | 1109 |

ఔటైనవారి టోటల్‌ను కింది వరసల్లోనూ దించాం. అది వదిలేస్తే చివరి గడి కుదరదు, ఎక్కడ తేడా వచ్చిందో వెతకడానికి దారి ఉండదు.

ఆట ఆటకీ చూసింది

పై వరస చివరి గడికి ఈ ఆట అడ్డం కూడిక కలిపితే, ఈ వరసలోని ఐదు టోటళ్ల కూడిక రావాలి. ఉదాహరణకు నాలుగో ఆటలో 448కి 158 కలిపితే 606. అటు 152, 88, 106, 105, 155 కూడినా 606. రెండూ కలిశాకే పంచేవారికి పేక ఇచ్చాం. నిమిషం కూడా పట్టని పని. 12 ఆటల తప్పుల్ని చివర్లో వెతకాలంటే మాత్రం ఎవరికీ ఓపిక ఉండదు, పైగా అప్పటికి ముక్కలు ఎప్పుడో కలిసిపోయి ఉంటాయి.

స్కూట్‌ను ముక్కలు మూసిన క్షణంలోనే రాశాం. స్కూట్ పెట్టినవారు లేచి కాఫీకో ఫోన్‌కో వెళ్తారు, ఆట ముగిశాక అందరి కళ్లూ చేతిలో ముక్కలున్న వాళ్ల మీదే ఉంటాయి, ఆ 25 గాలికి పోతుంది. లెక్క కాగితాల్లో ఎక్కువగా జారిపోయేది ఇదే.

దిద్దినవి

చెరిపింది ఏదీ లేదు. తప్పు అంకెను ఒక్క గీతతో కొట్టి పక్కన సరైనది రాశాం, కింద పాత అంకె ఇప్పటికీ చదవడానికి వస్తుంది.

మూడో ఆటలో పిన్ని స్కూట్ 25 బావ గడిలో, బావ 19 పిన్ని గడిలో పడ్డాయి. అడ్డం కూడిక 132 అలాగే ఉంది, చివరి గడి కూడా కుదిరింది. ఇలాంటి తప్పును ఏ కూడికా పట్టదు. టోటళ్లు పేరుపేరునా పైకి చదివినప్పుడు బావే ఆపాడు: "నాకు 130 ఎలా అయింది, 19 కదా పడింది?" అందుకే ఆ తర్వాత ప్రతి ఆటకీ పేరు, ఆట అంకె, టోటల్ మూడూ పైకి చదివాను, వాళ్లు "ఊఁ" అన్నాకే తర్వాతి గడికి వెళ్లాను.

ఆరో ఆటలో అత్తయ్య చేతిలో కుదరనివి రాజు, రాణి, ఆసు, 9, 7. ఆసును ఒకటిగా లెక్కపెట్టి 37 అన్నారు. షో పెట్టిన పిన్ని ముక్కల్ని మళ్లీ ఎంచితే 46 వచ్చింది. కట్ 5 కాబట్టి ఇందులో జోకర్ ఏదీ లేదు. ఈ తప్పూ కూడికలకు దొరకదు, ముక్కలు బోర్లించకముందు ఇంకొకరు ఎంచితేనే దొరుకుతుంది. కట్ జోకర్‌ను కాగితంలో రాయడం కూడా ఇందుకే. ఐదో ఆటలో కట్ ఆసు, ఆ ఆటలో ఆసుకు సున్నా. ఆ సంగతి రాసి ఉండకపోతే బాబాయి 43ను మళ్లీ లెక్కపెట్టినప్పుడు 53 అనుకునేవాళ్లం.

ఏడో ఆటలో ఐదు టోటళ్లూ కూడితే 881 వచ్చింది, రావాల్సింది 908. తేడా 27, తొమ్మిదో ఎక్కం. తేడా తొమ్మిదితో తెగిందంటే ముందు తిరగబడిన అంకె కోసం వెతకాలి. 27ను 9తో భాగిస్తే 3, అంటే పక్కపక్క అంకెల మధ్య తేడా 3 ఉన్న టోటల్ ఏదో చూడాలి. పిన్ని గడిలో 136 ఉంది. 130కి 33 కలిపితే 163. కొట్టి దిద్దాం.

తేడా సరిగ్గా 25 అయితే స్కూట్ జారిపోయిందనో, మిడిల్‌ను మామూలు స్కూట్‌గా రాశామనో అనుకోవాలి. 10 అయితే కూడికలో చేతిలో మిగలాల్సిన ఒకటి మరిచిపోయి ఉంటాం. ఈ రాత్రి ఆ రెండూ రాలేదు.

బావ చేరిక

ఐదో ఆట తర్వాత బావ 211తో ఔట్. మిగిలినవాళ్లలో ఎక్కువ మావయ్యది, 166. అది 174 లోపే కాబట్టి చేరవచ్చు, 167తో కూర్చున్నాడు. 211ని కొట్టి 167 రాయకుండా −44 అని వేరే వరస వేశాం. పాత టోటల్ మీద దిద్దితే, బావ ఆడిన ఆటల కూడికకూ చివరి టోటల్‌కూ ఎప్పటికీ పొంతన కుదరదు.

ఏడో ఆటలో ఔటైన మావయ్య చేరతానన్నారు. అప్పటికి బావ 193లో ఉన్నాడు, 174 దాటింది కాబట్టి కుదరలేదు. ఎనిమిదిలో బావకూ కుదరలేదు, తన ఒక్క అవకాశం అప్పటికే అయిపోయింది.

చివరి సరిచూత

తాతయ్య టోటళ్ల వైపు చూడకుండా, అవి కాగితంతో మూసి, ఆట అంకెలను మాత్రమే నిలువుగా కింది నుంచి పైకి కూడారు. రాసినవాళ్లు కూడిన దిశలోనే కూడితే అదే తప్పు మళ్లీ చేస్తాం.

| | ఆటల కూడిక | చేరిక | చివరి టోటల్ | షోలు |
|---|---|---|---|---|
| మావయ్య | 219 | 0 | 219 | 1 |
| అత్తయ్య | 200 | 0 | 200 | 5 |
| బాబాయి | 219 | 0 | 219 | 2 |
| పిన్ని | 237 | 0 | 237 | 4 |
| బావ | 278 | −44 | 234 | 0 |
| మొత్తం | 1153 | −44 | 1109 | 12 |

అడ్డం కూడికలను నేను విడిగా కూడాను: 157, 159, 132, 158, 138, 113, 95, 78, 45, 25, 16, 37. మొత్తం 1153. అందులోంచి 44 తీస్తే 1109, పన్నెండో ఆట చివరి గడిలో ఉన్నదీ అదే.

షోలు 12, ఆటలు 12. ఏ వరసలోనూ రెండు సున్నాలు లేవు, సున్నా లేని వరస లేదు. స్కూట్ గుర్తులు 12, ప్రతిదాని పక్కనా 25 ఉంది. మిస్కూ ఒక్కటి, 50. 80లు రెండు: మొదటి ఆటలో బావకు లైఫ్ లేక ముక్కలు 91 అయ్యాయి, 80కి ఆపాం. నాలుగులో మావయ్య షోలో లైఫ్ ఉంది, రెండో రన్ లేదు. పంచిన వరస కూడా ఔటైనవారిని దాటుకుంటూ తప్పకుండా వచ్చింది, అంటే మధ్యలో ఏ ఆటా రాయకుండా పోలేదు.

పిన్ని పదో ఆటలో 175 మీద స్కూట్ పెట్టి 200 అయ్యారు, ఔట్ ఎందుకు కాలేదని బాబాయి అడిగారు. ఔట్ 201కి, 200కి కాదు. పదకొండులో అత్తయ్య కూడా 200కే ఆగారు. పన్నెండో ఆటలో ఇద్దరికీ స్కూట్ పెట్టే వీలు లేదు, షో పెట్టినవారిదే ఆట.

గెలుపు: అత్తయ్య, 200. రెండో స్థానం: పిన్ని. ఆ తర్వాత ఔటైన వరసకు వెనక నుంచి బాబాయి, బావ, మావయ్య. మావయ్యకూ బాబాయికీ టోటల్ 219 ఒకటే అయినా, స్థానం ఎక్కువసేపు నిలిచినదాన్ని బట్టి.

ఐదుగురూ చూసి సంతకం పెట్టారు, తాతయ్య అడుగున 1109 కింద రెండు గీతలు గీశారు.