అశోక్‌నగర్ స్టడీ హాల్: మూడు నెలలు కూర్చున్నాక

హైదరాబాద్ అశోక్‌నగర్‌లో జిరాక్స్ షాపు పైన రెండో అంతస్తు. నెలకు 1,500, ఏసీ గదికి 2,000. అడ్వాన్స్ 500 తీసుకుంటారు, రసీదు అడిగి మరీ తీసుకోండి.

ప్రతి సీటుకీ ప్లగ్ పాయింటు, లైటు ఉన్నాయి. కుర్చీలతోనే గొడవ. నాది 37వ నంబరు. కాస్త వెనక్కి వాలితే కిర్రుమంటుంది, వరుసంతా తల తిప్పి చూస్తుంది.

పగలు నెట్ బాగుంటుంది. రాత్రి 7 దాటాక అందరూ వీడియో క్లాసులు పెడతారు, ఇక నా డిజైన్ ఫైళ్లు అప్‌లోడ్ కావు. ఫోన్ హాట్‌స్పాటే దిక్కు.

చీమ చిటుక్కుమన్నా వినిపించేంత నిశ్శబ్దం. గ్రూప్స్‌కి చదివేవాళ్లకి ఇంతకన్నా ఏం కావాలి? నాకైతే క్లయింట్ ఫోన్ వచ్చినప్పుడల్లా మెట్ల మీదికి పరుగే. అక్కడ సిగ్నల్ ఒక్క గీతే.