మూడు నెలల మ్యాట్రిమోనీ ప్యాకేజీ: సంబంధాలు వచ్చాయి, నమ్మకమే తక్కువ

మా అమ్మాయి పెళ్లి కోసం ఒక మ్యాట్రిమోనీ వెబ్‌సైటులో రూ.5,500 చెల్లించి మూడు నెలల ప్యాకేజీ తీసుకున్నాము. ప్రొఫైళ్లకు కొదవ లేదు. కానీ వాటి పక్కన కనిపించే వెరిఫైడ్ గుర్తు ఫోన్ నంబరు సరైనదని చెబుతుందే తప్ప, ఉద్యోగాన్నీ జీతాన్నీ ఎవరూ సరిచూసినట్లు కాదు. గుంటూరు సంబంధం ఒకటి గోత్రం, నక్షత్రంతో సహా చక్కగా కుదిరిందనుకొని ఫోన్ చేస్తే, "అబ్బాయికి పోయిన మాఘంలోనే పెళ్లయిందండీ, తీసేయమన్నా తీయడం లేదు" అన్నారు వాళ్ల నాన్నగారు.

డబ్బు కట్టేదాకా రోజూ పలకరించిన రిలేషన్‌షిప్ మేనేజరు ఆ తరువాత ఫోన్ ఎత్తడమే మానేశారు. ఇటువంటి వెబ్‌సైట్లు ఫిర్యాదుల అధికారి వివరాలు చూపాలని కేంద్ర ప్రభుత్వం 2016లోనే మార్గదర్శకాలు ఇచ్చింది గనుక, ఆ అధికారికి నేరుగా ఈమెయిలు రాస్తేనే ఆ ప్రొఫైలు తొలగింది. ఒక్క నంబరు చూసినా డబ్బు వాపసు రాదన్న షరతు చెల్లింపు పేజీలో కాక, ఎవరూ చదవని నిబంధనల అడుగున ఉంది.

అయినా జిల్లా, నక్షత్రం వారీగా వెతికే సౌకర్యం నిజంగా బాగుంది. పెళ్లిళ్ల పేరయ్యల ద్వారా రాని దూరపు సంబంధాలు రెండు పెళ్లిచూపుల దాకా వచ్చాయి. తీసుకునేవారు ఒక నెల ప్యాకేజీతో మొదలుపెట్టడం మేలు.