ఫుల్ అండ్ ఫైనల్ సెటిల్‌మెంట్ వివరణ పత్రం

తేదీ: 10 ఫిబ్రవరి 2025, హైదరాబాద్
జారీ చేసినవారు: జీతాల విభాగం
ఉద్యోగి సంఖ్య: 1187, సీనియర్ క్వాలిటీ ఇంజనీర్
చేరిన తేదీ: 12 జూన్ 2017
రాజీనామా ఇచ్చిన తేదీ: 16 డిసెంబర్ 2024
చివరి పనిదినం: 31 జనవరి 2025
చివరి బేసిక్: నెలకు ₹39,000

| వివరం | రావలసినది ₹ | మినహాయింపు ₹ |
|---|---|---|
| జనవరి జీతం | 68,000 | |
| లీవ్ ఎన్‌క్యాష్‌మెంట్, 40 రోజులు | 52,000 | |
| గ్రాట్యుటీ | 1,80,000 | |
| ప్రయాణ బిల్లులు | 2,340 | |
| పీఎఫ్, మీ వాటా | | 1,800 |
| వృత్తి పన్ను | | 200 |
| నోటీసు తగ్గిన రోజులు, 13 | | 16,900 |
| పండగ అడ్వాన్స్ బకాయి | | 6,000 |
| ఆదాయపు పన్ను | | 0 |
| మొత్తం | 3,02,340 | 24,900 |

చేతికి వచ్చేది: ₹2,77,440. ఫిబ్రవరి 14న మీ జీతం ఖాతాలో రెండు విడి జమలుగా పడుతుంది: గ్రాట్యుటీ ₹1,80,000, మిగతావి ₹97,440.

గ్రాట్యుటీని విడిగా వేయడానికి కారణం ఉంది. నోటీసు కోత, అడ్వాన్స్ లాంటి బాకీలను గ్రాట్యుటీలోంచి పట్టుకోకూడదు. అందుకే కోతలన్నీ జీతం, లీవు డబ్బు నుంచే తీశాం. గ్రాట్యుటీ చెల్లించడానికి చట్టం ఇచ్చిన 30 రోజుల గడువు మార్చి 2తో ముగుస్తుంది.

మీ సర్వీసు 7 ఏళ్ల 7 నెలలు. ఐదేళ్లు నిండాయి కాబట్టి గ్రాట్యుటీకి అర్హత ఉంది. చివరి ఏడాదిలో ఆరు నెలలు దాటాయి కాబట్టి దాన్ని పూర్తి ఏడాదిగా లెక్కిస్తారు, మొత్తం 8 ఏళ్లు.

```
39,000 × 15 / 26 × 8 = 1,80,000
```

ఇక్కడ 26తో, లీవులో 30తో భాగించడం చూసి పొరపాటు జరిగిందని చాలామంది అనుకుంటారు. నెల జీతాన్ని 26తో భాగించాలని గ్రాట్యుటీ చట్టమే చెప్పింది. లీవుకు 30 అనేది మన కంపెనీ లీవు నియమం. గ్రాట్యుటీ మొత్తం చట్టం లెక్క ప్రకారమే ఉంది, ₹20 లక్షల పరిమితిలోనూ ఉంది. కాబట్టి పన్ను లేదు.

లీవు డబ్బు రోజుకు ₹1,300 చొప్పున 40 రోజులకు ₹52,000. ఇందులో ₹49,600కే పన్ను మినహాయింపు వర్తిస్తుంది. మినహాయింపును చివరి బేసిక్ మీద కాకుండా చివరి పది నెలల సగటు మీద కట్టాలి. అక్టోబర్‌లో మీ బేసిక్ ₹36,000 నుంచి ₹39,000కు పెరిగింది. ఆరు నెలలు పాతది, నాలుగు నెలలు కొత్తది కలిపితే సగటు ₹37,200, అంటే రోజుకు ₹1,240. మిగిలిన ₹2,400 పన్ను లెక్కలోకి వస్తుంది. ఉద్యోగం వదిలేటప్పుడు ఇచ్చే లీవు డబ్బు మీద పీఎఫ్ కోయలేదు.

నోటీసు 60 రోజులు, ఫిబ్రవరి 13 వరకు. మీరు చేసినవి 47. తక్కువైన 13 రోజులకు నియామక పత్రం ప్రకారం బేసిక్ మీదే, రోజుకు ₹1,300 పట్టాం. దీని మీద జీఎస్టీ వేయలేదు, వేయకూడదు కూడా. ఈ కోతను మీ పన్ను ఆదాయంలోంచి తగ్గించలేదు.

పన్ను సంగతి మాత్రం నిదానంగా చదవండి, ఎక్కువ ఇబ్బంది వచ్చేది ఇక్కడే. 2024-25 ఆర్థిక సంవత్సరానికి కొత్త పన్ను విధానంలో మీ లెక్క ఇది:

```
ఏప్రిల్-సెప్టెంబర్   63,000 × 6 = 3,78,000
అక్టోబర్-జనవరి      68,000 × 4 = 2,72,000
లీవు, పన్ను భాగం               2,400
స్టాండర్డ్ డిడక్షన్             - 75,000
పన్ను ఆదాయం                 5,77,400
```

₹7 లక్షల లోపు కాబట్టి రిబేటుతో పన్ను సున్నా. కానీ మార్చి దాకా ఉంటారన్న అంచనాతో అక్టోబర్ నుంచి డిసెంబర్ వరకు నెలకు ₹1,907 చొప్పున ₹5,721 కోశాం. అది ఇప్పటికే ప్రభుత్వానికి కట్టేశాం, ఇక్కడి నుంచి తిరిగి ఇవ్వలేం. మీ 26ఏఎస్‌లో కనిపిస్తుంది, ఫారం 16లోనూ వస్తుంది. అది మీ డబ్బే: ఏడాది పన్నులో సర్దుబాటు అవుతుంది, మిగిలితే రిటర్న్ వేశాక తిరిగి వస్తుంది.

ఫిబ్రవరి, మార్చి నెలల్లో వేరేచోట చేరితే మా దగ్గర వచ్చిన ఆదాయాన్ని ఫారం 12బిలో అక్కడ తప్పకుండా చూపండి. చూపకపోతే వాళ్లు స్టాండర్డ్ డిడక్షన్, రిబేటు మళ్లీ ఇచ్చి పన్ను కోయరు. ఇదే జీతం రెండు నెలలు వచ్చినా మీ పన్ను ఆదాయం ₹7 లక్షలు దాటుతుంది. జూలైలో రిటర్న్ వేసేటప్పుడు మిగిలిన పన్ను ఒకేసారి మీద పడుతుంది.

పీఎఫ్ ₹15,000 పరిమితి మీద 12 శాతం. పీఎఫ్ నిల్వ ఈ సెటిల్‌మెంట్‌లో రాదు, మీ యూఏఎన్‌లోనే ఉంటుంది. జనవరి 31ని నిష్క్రమణ తేదీగా నమోదు చేశాం. కొత్త ఉద్యోగం వస్తే నిల్వను బదిలీ చేసుకోండి. బేసిక్ ₹21,000 దాటినందున చట్టబద్ధ బోనస్ వర్తించదు. ల్యాప్‌టాప్, గుర్తింపు కార్డు అందాయి, వాటి కింద కోత లేదు.

ఏ అంకె మీదైనా అభ్యంతరం ఉంటే ఫిబ్రవరి 20లోగా రాతపూర్వకంగా తెలపండి. అభ్యంతరం ఉందని 14న వేయాల్సిన జమను ఆపం, తేడా తేలితే విడిగా చెల్లిస్తాం. ఫారం 16 జూన్ 15లోగా మీ సొంత ఈమెయిల్‌కు వస్తుంది.