సీనియర్ అకౌంటెంట్ ఉద్యోగం: సగం గంటలకు, కొంత ఇంటి నుంచి చేయడానికి వీలుంటుందా?

తెనాలి
22 జనవరి 2026

మేనేజర్ గారికి,

నమస్కారమండి.

ఆటోనగర్‌లోని మీ స్పేర్‌పార్టుల డిస్ట్రిబ్యూషన్ ఆఫీసుకి సీనియర్ అకౌంటెంట్ కావాలన్న ప్రకటన చూశాను. సోమవారం నుంచి శనివారం దాకా, ఉదయం 10 నుంచి రాత్రి 7 వరకు, జీతం 35,000 అని ఉంది. ఇదే పనిని వారానికి 24 గంటలకు కుదించి, రెండు రోజులు మీ ఆఫీసులో, మిగతాది తెనాలిలో మా ఇంటి నుంచి చేయడానికి ఒప్పుకుంటారా అని అడగడానికి రాస్తున్నాను. 20వ తేదీ జీఎస్టీ హడావుడి అయిపోయాక రాస్తే మీకు చదివే తీరిక ఉంటుందని రెండు రోజులు ఆగాను.

కారణం ఒక్కటే. మా మామగారికి సోమ, బుధ, శుక్రవారాల్లో ఉదయం పూట డయాలసిస్ ఉంటుంది, తీసుకెళ్ళి తీసుకొచ్చేది నేనే. ఆ మూడు పూటలూ తప్ప మిగతా సమయం నా చేతిలో ఉంది.

నేను బీకాం చదివాను. 9 ఏళ్ళుగా గుంటూరులో మందుల హోల్‌సేల్ లెక్కలు చూస్తూ వచ్చాను: ట్యాలీ, ఈ-ఇన్‌వాయిస్, జీఎస్టీ రిటర్నులు, టీడీఎస్, ఏడాది చివర ఆడిటర్‌కి పుస్తకాలు అప్పగించడం. మందులకూ పార్టులకూ సరుకు తేడా ఉందిగానీ వేల ఐటెమ్‌లు, రిటర్న్ సరుకు, కంపెనీ స్కీముల క్రెడిట్ నోట్లు, అప్పు ఖాతాలు రెండు చోట్లా ఒకలాంటివే. రెజ్యూమె జతచేశాను.

బిల్లింగ్‌కి ఇద్దరు ఉన్నారని, వాళ్ళ పని సరిచూసి రిటర్నుల బాధ్యత తీసుకునే మనిషి కావాలని ప్రకటనలో రాశారు. సగం గంటలు చాలవచ్చని నాకు అనిపించింది అక్కడే. బిల్లు కొట్టడానికి రోజంతా కౌంటర్ దగ్గర మనిషి కావాలి. సరిచూడటానికి అక్కర్లేదు, కానీ అది ఏ రోజుది ఆ రోజే జరగాలి. ఈ-ఇన్‌వాయిస్‌లో పార్టీ జీఎస్టీ నంబరో రేటో తప్పు పడితే రద్దు చేయడానికి 24 గంటలే గడువు. దాని మీద ఈ-వే బిల్లు నడుస్తుంటే ముందు దాన్ని రద్దు చేయాలి. దారిలో అధికారులు ఆ ఈ-వే బిల్లును తనిఖీ చేసేశారంటే అదీ కుదరదు. ఆ పైన మిగిలేది క్రెడిట్ నోటు, మళ్ళీ కొత్త బిల్లు. నెలాఖరున కూర్చుని అన్నీ ఒకేసారి చూసే పద్ధతిలో ఈ తప్పులు బయటపడేసరికి గడువు దాటిపోయి ఉంటుంది.

కాబట్టి నా గంటలు ఇలా అనుకుంటున్నాను. సోమ, బుధ, గురు, శుక్రవారాల్లో మధ్యాహ్నం 3 నుంచి 6 ఇంటి నుంచి. ముందుగా అంతకుముందు చూసినప్పటి నుంచి పడిన అమ్మకం బిల్లులను పోర్టల్‌తో పోల్చి చూస్తాను, తర్వాత బ్యాంకు ఎంట్రీలు, కొనుగోలు బిల్లులు. మంగళ, శనివారాల్లో ఉదయం 10.30 నుంచి 5 వరకు, మధ్యలో అరగంట భోజనానికి పోను, మీ ఆఫీసులో ఉంటాను. శనివారం మధ్యాహ్నం పోర్టల్ వైపు చివరిసారి చూసి వెళితే, ఆదివారం మీకు సెలవు కాబట్టి సోమవారం దాకా పెద్ద ఖాళీ రాదు. శనివారం సాయంత్రం 5 తర్వాత పడే బిల్లులకు మాత్రం ఆ 24 గంటలూ ఆదివారమే అయిపోతాయి. వాటిని ఆదివారం పొద్దున ఫోన్‌లో ఒకసారి చూస్తాను, దానికి వేరే లెక్క అక్కర్లేదు.

నెలలో అన్ని రోజులూ ఒకటి కావు. 7వ తేదీలోగా టీడీఎస్ కట్టాలి, 11న జీఎస్‌టీఆర్-1, 14న 2బి వస్తుంది, 20న 3బి. అందుకని 8 నుంచి 11 వరకు, 17 నుంచి 20 వరకు రోజుకు ఇంకో రెండు గంటలు ఎక్కువ పెడతాను, దానికి విడిగా ఏమీ అడగను, కింద చెప్పిన జీతంలోనే కలిసిపోతుంది. జీఎస్‌టీఆర్-1 ఒక్క రోజు ఆలస్యమైనా మీ దగ్గర కొనే షాపులవాళ్ళకి ఆ నెల 2బిలో మీ బిల్లులు కనపడవు. తర్వాత ఫోన్లు వచ్చేది మీకే. కొనుగోళ్ళ వైపు ఇన్‌వాయిస్ మేనేజ్‌మెంట్‌లో ఏదీ నొక్కకుండా వదిలేస్తే ఒప్పుకున్నట్టే లెక్క. కంపెనీలు టర్నోవర్ డిస్కౌంటు కింద పంపే క్రెడిట్ నోట్లు అలా దానంతటవే అంగీకారమైపోయి మీ క్రెడిట్ తగ్గిపోవచ్చు. 13వ తేదీ లోపల వాటిని ఒక్కొక్కటీ చూసి, తేడా ఉన్నవాటిని పక్కన పెడతాను.

ఇంకో విషయం. పోయిన సెప్టెంబరు 22 నుంచి ఆటో పార్టులు 28 శాతం నుంచి 18కి వచ్చాయి కదా. పాత 28 శాతం బిల్లు మీద అమ్మిన సరుకు ఇప్పుడు తిరిగి వస్తే క్రెడిట్ నోటు ఆ బిల్లు రేటుకే, అంటే 28కే వేయాలి. ట్యాలీలో ఐటెమ్ రేటు మార్చేశాక బిల్లింగ్ వాళ్ళు అలవాటుగా 18 వేస్తే ఆ తేడా పన్ను మీ చేతి నుంచి పోతుంది. ఉద్యోగం నాకు రాకపోయినా, సెప్టెంబరు 22 తర్వాత వేసిన క్రెడిట్ నోట్లు ఒకసారి చూపించుకోండి. 2025-26 బిల్లులకు సంబంధించినవి సరిచేయడానికి 2026 నవంబరు 30 దాకా సమయం ఉంది.

ఇంటి నుంచి పని అంటే మీకు వచ్చే మొదటి అనుమానం డేటా గురించే అయి ఉంటుంది. ట్యాలీ డేటా మీ కంప్యూటర్ దాటి బయటికి రానక్కర్లేదు. ట్యాలీలోనే ఉన్న రిమోట్ యాక్సెస్ వాడితే, మీ టీఎస్‌ఎస్ చందా నడుస్తూ, ఆఫీసు కంప్యూటర్‌లో ట్యాలీ తెరిచి ఉంటే చాలు. కరెంటు పోయి కంప్యూటర్ ఆగిపోయినా, రాత్రి ఎవరైనా ఆపేసినా నాకు అందదు, అందుకే యూపీఎస్ ఉందా అని అడుగుతున్నాను. ఎనీడెస్క్‌తో కూడా చేయవచ్చుగానీ, నేను వాడుతున్నంతసేపూ ఆ కంప్యూటర్ బిల్లింగ్‌కి పనికిరాదు. విడిగా ఒక సిస్టమ్ ఉంటేనే అది సరిపడుతుంది. ఒక్కటి మాత్రం వద్దంటాను: డేటా ఫోల్డర్‌ని గూగుల్ డ్రైవ్‌లో పెట్టి రెండు చోట్ల తెరవడం. రెండు వైపుల నుంచీ ఎంట్రీలు పడితే డేటా పాడవుతుంది, బాగుచేయించడానికి రోజులు పడుతుంది.

నా పేరున విడిగా లాగిన్ పెట్టి, వెనక తేదీ ఎంట్రీలకు, డిలీట్‌కు అనుమతి ఇవ్వకుండా మొదలుపెట్టండి. ఈ-ఇన్‌వాయిస్, ఈ-వే బిల్లు పోర్టళ్ళకి ఇప్పుడు ఓటీపీ తప్పనిసరి కాబట్టి నా నంబరుతో సబ్‌యూజర్ తయారు చేస్తే ప్రతిసారీ మీ ఫోన్ కోసం ఎదురుచూడనక్కర్లేదు. రిటర్ను ఫైల్ చేసే ఓటీపీ గానీ డిజిటల్ సంతకం గానీ మీ దగ్గరే ఉండాలి. 11, 20 తేదీల్లో సాయంత్రం 4 తర్వాత పది నిమిషాలు మీరు ఫోన్ దగ్గర ఉంటే చాలు. బ్యాంకులో నాకు స్టేట్‌మెంట్ చూసే హక్కు, మహా అయితే చెల్లింపు తయారుచేసే హక్కు ఇవ్వండి. ఆమోదించేది మీరే.

ఇంటి నుంచి కానివి కూడా ముందే చెబుతాను. రోజువారీ క్యాష్ కౌంటర్ లెక్క, గోడౌన్ స్టాకు లెక్కింపు, బ్యాంకులో చెక్కులు వేయడం నా వల్ల కాదు. క్యాష్ ప్రతి సాయంత్రం బిల్లింగ్ వాళ్ళు లెక్కపెట్టి నోట్ల వివరం రాసిన స్లిప్పు ఫొటో పంపితే, మంగళ, శనివారాల్లో వచ్చి సరిచూస్తాను. కొనుగోలు బిల్లులు వచ్చిన రోజే స్కాన్ చేసి పంపాలి. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే చిన్న అక్షరాలు, హెచ్‌ఎస్‌ఎన్ కోడ్లు అలికినట్టు వస్తాయి, రెండో పేజీ తరచూ మిగిలిపోతుంది. పీడీఎఫ్ స్కాన్‌గా, ఒక బిల్లు ఒక ఫైలుగా ఉంటే సగం సందేహాలు పోతాయి. ఈ పనికి రోజుకు ఎవరో ఒకరిది అరగంట పోతుంది. ఆ అరగంట దొరకదంటే నా ప్రతిపాదన మీకు సరిపడదు. వచ్చి చేరాక తెలిసేకంటే ఇప్పుడే తేలడం మంచిది.

జీతం సంగతి. రోజుకు గంట భోజనానికి పోతే మీ ప్రకటనలోవి వారానికి 48 గంటలు, నావి అందులో సగం కాబట్టి లెక్క ప్రకారం 17,500. రిటర్నుల బాధ్యత మాత్రం సగం కాదు, రద్దీ రోజుల అదనపు గంటలు కూడా అందులోనే ఉన్నాయి కనుక 20,000 అడుగుతున్నాను. ఇక్కడ ఒక చిక్కు ఉంది, చూసుకోండి. ఈఎస్‌ఐ పరిమితి 21,000. 35,000 జీతానికి రాని ఈఎస్‌ఐ 20,000కి వస్తుంది. మీ సంస్థకు అది వర్తిస్తుంటే మీ వాటా 3.25 శాతం, నెలకు 650, నా నుంచి 0.75 శాతం, అంటే 150. పార్ట్‌టైమ్ మనిషికి పీఎఫ్, ఈఎస్‌ఐ ఎలా లెక్కకడతారో మీ కన్సల్టెంట్‌తో తేల్చుకుంటే సరిపోతుంది. ఉద్యోగిగా కాకుండా ప్రొఫెషనల్ ఫీజు కింద ఇద్దామనుకుంటే 10 శాతం టీడీఎస్ పట్టుకోవాలి. నాకు మాత్రం జీతం పద్ధతే ఇష్టం.

ఫిబ్రవరి 2 సోమవారం నుంచి రాగలను. ఏప్రిల్ నెలాఖరు దాకా పరీక్షగా చూడండి, మార్చి ముగింపు అందులోనే పడుతుంది కాబట్టి నా పని ఎలా ఉందో మీకు స్పష్టంగా తెలుస్తుంది. ఏ నెలైనా నా వల్ల రిటర్ను ఆలస్యమై ఫైన్ పడితే ఆ లేటు ఫీజు నాది. మీకు సరిపడకపోతే 15 రోజుల ముందు చెప్పండి, పెండింగ్ పనుల పట్టిక రాసి, వచ్చేవారికి అప్పగించి వెళ్తాను. నేను మానుకోవాలన్నా అంతే గడువు ఇస్తాను.

ఆఫీసులో రోజూ మనిషి ఉండి తీరాలని మీరు అనుకుంటే అలాగే రాయండి, ఏమీ అనుకోను. మధ్యే మార్గంగా మూడు రోజులు ఆఫీసుకి రమ్మంటే గురువారం కూడా రాగలను, అప్పుడు గంటలు 27 అవుతాయి, జీతం 22,000 అనుకుందాం. 21,000 దాటుతుంది కనుక ఈఎస్‌ఐ ప్రశ్న కూడా అక్కడితో పోతుంది.

జవాబు రాసేటప్పుడు నాలుగు విషయాలు చెప్పండి చాలు: మీ ట్యాలీ లైసెన్సు ఒక్క కంప్యూటర్‌దా, ఎక్కువ కంప్యూటర్లదా, నెలకు అమ్మకం బిల్లులు సుమారు ఎన్ని, స్కానర్ ఉందా, యూపీఎస్ ఉందా. బిల్లులు బాగా ఎక్కువుంటే 24 గంటలు చాలకపోవచ్చు, ఆ లెక్క చూశాకే నేను కూడా ఖాయంగా మాట ఇవ్వగలను. ఎదురుగా మాట్లాడాలనుకుంటే ఈ శనివారం గానీ వచ్చే మంగళవారం గానీ ఉదయం 11కి ఆటోనగర్ రాగలను.

ఇట్లు,
కె. సుజాత

జత: రెజ్యూమె