గుంటూరు బస్టాండ్ బోర్డు, పేట వైపు బస్సులు (ఫోటో చూసి టైప్ చేసింది)

మావయ్యా, నిన్న పంపిన ఫోటో నీ ఫోన్లో జూమ్ చేస్తే అంతా అలుక్కుపోయినట్టు ఉందన్నావు కదా, అది వాట్సాప్‌లో పోయేటప్పుడే సైజు తగ్గిపోయింది, నా దగ్గర అసలుది ఉంది. రాత్రి అన్నం తిన్నాక లాప్‌టాప్‌లో పెద్దది చేసుకుని ఒక్కో లైనూ చూసి ఇక్కడ కొట్టా. ఫిరంగిపురంలో బస్సు టైమ్ అడగాలంటే అందరూ నీ కొట్టుకే వస్తారు కాబట్టి తప్పు పడితే తిట్లు నీకే పడతయ్, అందుకే కనపడని చోట నా సొంత తెలివి వాడకుండా (?) పెట్టా, ఊహించిన చోట ఎట్లా ఊహించానో కూడా రాశా.

బోర్డు మీద ఎట్లా ఉందో అట్లాగే ముందు ఇస్తున్నా. టైములన్నీ ఇరవైనాలుగు గంటల లెక్క, 13.20 అంటే మధ్యాహ్నం ఒంటిగంటా ఇరవై. ఇవన్నీ గుంటూరులో బయలుదేరే టైములు, నీ కొట్టు ముందుకొచ్చే టైములు కావు. ప.వె. అంటే పల్లెవెలుగు, ఎక్స్. అంటే ఎక్స్‌ప్రెస్, అ.డీ. అంటే అల్ట్రా డీలక్స్, న.పేట అంటే నరసరావుపేట, మన పేటే.

పైన హెడ్డింగు: నరసరావుపేట, వినుకొండ, మాచర్ల వైపు బయలుదేరు బస్సుల వేళలు

నరసరావుపేట, ప.వె. (వయా పేరేచర్ల, ఫిరంగిపురం)
04.45, 05.20, 05.50, 06.15, 06.40, 07.05, 07.30, 08.00
08.30, 09.10, 09.50, 10.30, 11.15, 12.00, 12.45, 13.20
1(3).45, 14.10, 14.50, 15.30, 16.00, 16.25, 16.50, 17.15
17.(?)0, 18.10, 18.40, 19.15, 19.50, 20.30, 21.15, 22.00 (దీని మీద మార్కర్‌తో ఇంటూ కొట్టి ఉంది)

నరసరావుపేట, ఎక్స్.
06.00, 07.15, 08.45, 10.15, 12.15, 14.30, 16.40, 18.20, 20.00

వినుకోండ, ఎక్స్. (వయా న.పేట, సంతమాగులూరు)
05.30, 07.45, 09.30, 11.30, 13.30, 15.45, 17.40, 19.30

మార్కాపురం, ఎక్స్. (వయా న.పేట, వినుకొండ)
06.30, 10.50, 15.10

శ్రీశైలం, ఎక్స్. (వయా వినుకొండ, మార్కాపురం, దోర్నాల)
05.00, 08.15 అ.డీ., 13.00

సత్తెనపల్లి, ప.వె. (వయా పేరేచర్ల, మేడికొండూరు)
05.00, 05.40, 06.20, 07.00, 07.40, 08.20
09.00 నుండి 19.00 వరకు ప్రతి 30 ని.లకు
19.45, 20.30, 21.20

పిడుగురాళ్ల, ప.వె. (వయా సత్తెనపల్లి)
06.50, 09.40, 13.10, 16.15, 18.50

మాచర్ల, ఎక్స్. (వయా సత్తెనపల్లి, పిడుగురాళ్ల)
05.15, 06.20, 07.40, 09.00, 10.20, 12.10, 14.00, 15.40, 17.20, 19.00

కోటప్ప(మిగతాది కనపడట్లా)
(?).30

అయిపోయింది, బోర్డు మీద ఉన్నది ఇంతే. వినుకోండ అని దీర్ఘం పెట్టింది నేను కాదు, పెయింటరు. అట్లాగే ఉంచేశా, నువ్వు రాసేటప్పుడు దిద్దుకో.

ఇప్పుడు డౌట్ ఉన్నవి. పేట పల్లెవెలుగు మూడో లైన్ మొదట్లో పెయింట్ పెచ్చు లేచిపోయింది, ఒకటి కనపడతంది, పక్క అంకె లేదు, తర్వాత 45 శుభ్రంగా ఉంది. దాని ముందుది 13.20, వెనకది 14.10, బోర్డు మీద టైములన్నీ వరసగా పెరుగుతూ పోతున్నాయి కాబట్టి మధ్యలో 45 అంటే 13.45 తప్ప ఇంకోటి పడదు, అది ఖాయం చేసుకో. కానీ నాలుగో లైన్ మొదటిది అట్లా తేలలేదు మావయ్యా. 17.15కీ 18.10కీ మధ్య 17.20 నుంచి 17.50 దాకా ఏదైనా కావచ్చు. బాగా పెద్దది చేసి చూస్తే ఆ అంకెకి కింద కుడివైపు గుండ్రంగా తిరిగిన కొస ఒకటి మిగిలింది, అంటే రెండూ నాలుగూ కాదు, మూడో అయిదో అవ్వాలి. పైన అడ్డగీత ఉంటే అయిదనేవాణ్ణి, సరిగ్గా అక్కడే ట్యూబులైటు మెరుపు పడి తెల్లగా అయిపోయింది. అయిదున్నరా, ఆరుకి పది నిమిషాల ముందా అనేది కాలేజీ పిల్లలకి చాలా తేడా, కాబట్టి ప్రస్తుతానికి రాయొద్దు. రేపు సాయంత్రం ఆఫీసు నుంచి ఆ టైమ్‌కి బస్టాండ్‌కే పోయి నిలబడి చూసి ఫోన్ చేస్తా.

22.00 మీద ఇంటూ ఉంది కదా, దాని గురించి ఎంక్వయిరీలో అడిగా. ఆ టైమ్‌కి ఇప్పుడు బండి లేదు, 21.15 దే ఆఖరు పల్లెవెలుగు అన్నారు. ఇది మాత్రం అందరికీ గట్టిగా చెప్పు, పోయిన నెల మన కోటయ్య తాత పది గంటల బస్సుందనుకుని రాత్రంతా బస్టాండ్ బెంచీ మీదే పడుకున్నాడంట, అత్తయ్య చెప్పింది.

ఇంకో చోట 3 అనాలా 8 అనాలా అని తికమక పడ్డా, ఆ పెయింటర్ 3 ని బాగా లోపలికి మడిచి రాశాడు, దూరం నుంచి 8 లాగే ఉంటది. పేట ఎక్స్‌ప్రెస్‌లో 08.45 చూడు, అది విడిగా చూస్తే 03.45 అనే అనిపిస్తది, కానీ 07.15 తర్వాత 03 ఎట్లా వస్తది, కాబట్టి 08.

కింద కోటప్ప దగ్గర ఎవరో రూములు అద్దెకి అని కాగితం అంటించారు, దాని కింద దాక్కుంది. కోటప్పకొండ అనుకో, ఇంకేముంటది, కానీ టైమ్ మాత్రం ఒక 30 తప్ప ఏమీ తెలీదు. కాగితం చింపుదామనుకున్నా, పక్కనే ఒకాయన నన్నే చూస్తున్నాడు, వదిలేశా. శివరాత్రి తిరునాళ్ళకి స్పెషల్స్ ఎట్లాగూ వేరుగా వేస్తారు కాబట్టి మనకి పెద్ద నష్టం లేదులే.

శ్రీశైలం బస్సు మధ్యాహ్నం ఒంటిగంట తర్వాత లేదేంటి, ఫోటోలో కట్ అయిందా అని నువ్వు అడుగుతావని తెలుసు. కట్ అవలేదు, ఆ లైన్ పక్కన ఖాళీయే ఉంది. దోర్నాల తర్వాత అడవిలో రాత్రిపూట గేటు మూసేస్తారు కదా, సాయంత్రం ఇక్కణ్ణుంచి బయలుదేరితే అక్కడ ఆగిపోవాల్సిందే, అందుకేనేమో.

సత్తెనపల్లి, పిడుగురాళ్ల, మాచర్ల లైన్లు నీ చీటీలో పెట్టొద్దు. అవి పేరేచర్ల జంక్షన్లోనే మేడికొండూరు వైపు తిరిగిపోతయ్, ఫిరంగిపురం రావు. ఎవరన్నా సత్తెనపల్లి పోవాలంటే పేరేచర్ల దాకా వెళ్ళి అక్కడ ఎక్కాలి, దానికి మాత్రం "పొద్దున తొమ్మిది నుంచి రాత్రి ఏడు దాకా అరగంటకొకటి" అన్న ముక్క గుర్తుపెట్టుకుంటే చాలు. ఎక్స్‌ప్రెస్‌లు మన ఊళ్ళో ఆగుతాయా అనేది బోర్డు మీద లేదు, వాటి వయాలో మన ఊరి పేరు కూడా రాయలేదు, అది నాకంటే నీకే బాగా తెలుసు, రోజూ కళ్ళముందు చూస్తావు.

ఆడవాళ్ళు ఫ్రీనా కాదా అని అడుగుతారు, బోర్డు పాతది, దాని మీద ఆ సంగతే లేదు. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి కింద పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ ఫ్రీ, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ కూడా కానీ అవి మన రూట్లో రావులే. ఆధార్ చూపిస్తే జీరో టికెట్ కొడతారు. శ్రీశైలం 08.15 ది అల్ట్రా డీలక్స్ కాబట్టి దానికి డబ్బులివ్వాల్సిందే, పెద్దమ్మకి ముందే చెప్పు, ఎక్కి కూర్చున్నాక కండక్టర్‌తో గొడవ పెట్టుకుంటది.

ఒకటి మర్చిపోయా, ఇవి పేట వైపు పోయేవాళ్ళకే పనికొస్తయ్. గుంటూరు పోయేవాళ్ళు అడిగితే పేట బస్టాండ్‌లో ఉన్న బోర్డు కావాలి, ఆదివారం పిన్నీ వాళ్ళింటికి వస్తున్నా కదా, అప్పుడు దిగి తీస్తా, ఈసారి ఫ్లాష్ ఆపి పక్కనుంచి తీస్తా మెరుపు పడకుండా.

కొట్టు ముందు అంటించడానికి కింద ముక్క చాలు, ఇరవైనాలుగు గంటల లెక్క తీసేసి మామూలుగా మార్చా. డౌట్ ఉన్న సాయంత్రం బస్సు, ఇంటూ కొట్టిన పది గంటల బస్సు ఇందులో లేవు. సెంటర్లో జిరాక్స్ అబ్బాయికి ఇది పంపి పెద్ద అక్షరాలతో ప్రింట్ తీయమను, కాగితం మీద వాన పడకుండా ప్లాస్టిక్ కవర్లో పెట్టు.

పేట వైపు పల్లెవెలుగు బస్సులు
(గుంటూరులో బయలుదేరే టైములు, మన ఊరికి రావడానికి సుమారు ముప్పావుగంట కలుపుకోవాలి)

ఉదయం: 4.45, 5.20, 5.50, 6.15, 6.40, 7.05, 7.30, 8.00, 8.30, 9.10, 9.50, 10.30, 11.15
మధ్యాహ్నం: 12.00, 12.45, 1.20, 1.45, 2.10, 2.50, 3.30
సాయంత్రం: 4.00, 4.25, 4.50, 5.15, 6.10, 6.40
రాత్రి: 7.15, 7.50, 8.30, 9.15 (ఇదే ఆఖరు బస్సు)