లిఫ్టు నెలవారీ తనిఖీ పత్రం: అమలాపురం, ఐదంతస్తుల అపార్ట్‌మెంట్

మెయిన్ స్విచ్ ఆపి, హెచ్చరిక బోర్డు తగిలించాకే లిఫ్టు గుంటలోకి దిగండి.

తలుపు ఇంటర్‌లాక్: ప్రతి అంతస్తులోనూ చూడాలి. గడియ కనీసం 7 మిల్లీమీటర్లు దిగాకే లిఫ్టు కదలాలి. తలుపు తెరిచి ఉండగా కదిలితే లిఫ్టును అక్కడికక్కడే నిలిపివేయండి; రేపటికి వాయిదా వద్దు. ఇక్కడి గాలిలో ఉప్పు, చెమ్మ ఎక్కువ కనుక కాంటాక్టులకు చిలుము పట్టిందేమో వెతకండి.

గవర్నర్: తాడు బిగువు, గాడి అరుగుదల చూడండి. సీలు తెగి ఉంటే సరిచేయకండి, రాసి పెట్టండి.

బఫర్: స్ప్రింగుకు తుప్పు, ఆయిల్ రకానికి నూనె మట్టం. వానల్లో గుంటలో ఊట నీరు చేరితే ముందు తోడించండి.