ఏబీజీ స్లిప్పు చేతికొస్తే ముందు ఏం చూడాలి

22 ఏళ్ల అబ్బాయి, టైప్ 1 షుగరు. రెండు రోజులుగా ఇన్సులిన్ వేసుకోలేదు, ఒకటే వాంతులు. ఊపిరి లోతుగా, గబగబా తీస్తున్నాడు. గ్లూకోమీటరులో 486. రేడియల్ ఆర్టరీ నుంచి తీసిన శాంపిల్‌కు వచ్చిన రిపోర్టు ఇది:

```
pH     7.24
PaCO2  24 mmHg
HCO3   10 mEq/L
PaO2   104 mmHg
Na 132   Cl 95
```

క్లాసులో ఈ స్లిప్పు చూపించగానే ఎవరో ఒకరు అంటారు: "PaCO2 తగ్గింది కదా మేడమ్, రెస్పిరేటరీ ఆల్కలోసిస్." అందుకే మొదటి వరుస తప్ప మిగతావన్నీ వేలితో మూసేయమంటాను.

pH నార్మల్ 7.35–7.45. ఇక్కడ 7.24, అంటే అసిడోసిస్. ఇక ఈ పేరు మారదు. దీనికి కారణం ఎవరో తేల్చడమే మిగిలింది.

ఇప్పుడు వేలు తీయండి. కార్బన్ డయాక్సైడ్ ఆమ్లం వైపుది, దాన్ని ఊపిరితిత్తులు చూసుకుంటాయి, నార్మల్ 35–45. అసిడోసిస్‌కు అదే కారణమైతే పెరిగి ఉండాలి. ఇక్కడ 24కు పడిపోయింది, కాబట్టి దోషి అది కాదు. బైకార్బొనేట్ క్షారం, మూత్రపిండాల పని, నార్మల్ 22–26. అది 10కి దిగింది. క్షారం తగ్గితే రక్తం ఆమ్లమవుతుంది. ఇది మెటబాలిక్ అసిడోసిస్.

మరి PaCO2 ఎందుకు తగ్గింది? ఊపిరితిత్తులు ఆమ్లాన్ని బయటికి ఊదేస్తున్నాయి. ఆ లోతైన ఊపిరే కుస్మాల్ శ్వాస. అయినా pH ఇంకా నార్మల్‌కు రాలేదు కనుక పాక్షిక కాంపెన్సేషన్. ఊదడం సరిపోతోందా అన్నది లెక్క కట్టి చూడొచ్చు. బైకార్బొనేట్‌ను 1.5తో గుణించి 8 కలిపితే, ఉండాల్సిన PaCO2 వస్తుంది:

```
1.5 × 10 + 8 = 23 (± 2)
```

21–25 మధ్య ఉండాలి, 24 ఉంది. సరిపోయింది. గంట తర్వాత బైకార్బొనేట్ అంతే ఉండి PaCO2 38 అయ్యిందనుకోండి. ఊపిరి వేగం తగ్గింది, కుదుటపడ్డాడని మురిసిపోకండి. అలసిపోతున్నాడు, వెంటనే డాక్టరును పిలవాలి.

యానయాన్ గ్యాప్ అంటే సోడియంలోంచి క్లోరైడ్, బైకార్బొనేట్ తీసేస్తే మిగిలేది: 132 − 95 − 10 = 27. మామూలుగా 8–12 ఉంటుంది. పెరిగినదంతా ఎక్కువగా కీటోన్ల లెక్కే.

PaO2తో ఆమ్ల క్షార సంగతి తేలదు, దాన్ని విడిగా చదవండి. రోగి గది గాలి పీలుస్తున్నాడా, ఆక్సిజన్ మీద ఉన్నాడా స్లిప్పు మీద రాయకపోతే ఆ అంకెకు అర్థమే లేదు. సిరంజిలో గాలి బుడగ మిగిలినా అంకెలు మారిపోతాయి. సూది తీశాక కనీసం 5 నిమిషాలు గట్టిగా నొక్కి పట్టుకోండి.

ఇది మీరు చెయ్యండి: సీఓపీడీ రోగి, pH 7.32, PaCO2 60, HCO3 30. ముందు వేలు పెట్టి మూయండి.